కొత్త మందిరం ప్రతిష్ఠ రోజు "మీరే దేవుని ఇల్లు" అని ఎలా చెప్పాలి?

"వందనాలు అయ్యగారూ. మా ఊళ్ళో కొత్త మందిరం ప్రతిష్ఠ వచ్చే నెల. 30 అడుగుల వెడల్పు, 60 పొడుగు, పునాది నుంచి స్లాబ్ దాకా ఆరేళ్ళు పట్టింది, అప్పటిదాకా రేకుల షెడ్డులోనే కూడుకున్నాం. ప్రసంగం నన్నే చెప్పమన్నారు. కట్టడం కాదు, ప్రజలే దేవుని ఇల్లు అన్న మాట చెప్పాలని ఉంది. కానీ ఇంత కష్టపడి కట్టినోళ్ళ ముందు అలా అంటే నొచ్చుకుంటారేమో అని భయం. ఏ వాక్యం తీసుకోవాలి, ఎలా చెప్పాలి?"

వందనాలు తమ్ముడూ. నీ భయం సరైనదే, ఎందుకంటే నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. సేవకి వచ్చిన మూడో ఏడు అనుకుంటా, పక్క మండలంలో ఒక ఊళ్ళో ప్రతిష్ఠకి నన్ను పిలిచారు. కుర్రతనం, బైబిలు స్కూల్లో నేర్చుకున్నదంతా ఒక్క రోజులో చెప్పెయ్యాలన్న ఉబలాటం. అపొస్తలుల కార్యములు 7:48 తీసుకున్నా, సర్వోన్నతుడు హస్తకృతాలయములలో నివసింపడు అని. "ఏముంది ఇందులో, ఇటుకలు, ఇసుక, సిమెంటు, ఇంకేం లేదు, దేవుడుండేది మీలో" అని గొంతు చించుకుని మరీ చెప్పా, జనం ఆమేన్ కూడా అన్నారు. ప్రసంగం అయ్యాక భోజనాల దగ్గర ఒక పెద్దావిడ విస్తరి పట్టుకుని నా దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా, కోపం లేకుండా, "అయ్యా, ఇందులో ఏం లేదన్నారు గదా, నా చెవి కమ్మలున్నాయయ్యా" అంది. ఆ మాటకి ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఇంటికొచ్చి ఆ అధ్యాయం మళ్ళీ చదివితే ఇంకో సంగతి కూడా అర్థమైంది. స్తెఫను ఆ మాట అన్నది ప్రతిష్ఠ ఆరాధనలో కాదు, తన మీద కేసు పెట్టిన సభ ముందు నిలబడి. ఆ ప్రసంగం చివర్లో వాళ్ళు రాళ్ళు తీసుకున్నారు. మనం పెళ్ళింటికొచ్చి కోర్టులో మాట్లాడే మాటలు మాట్లాడితే ఎలా? వాక్యం నిజమే, సందర్భం వేరు. యిర్మీయా 7 కూడా అంతే, "యెహోవా ఆలయము, యెహోవా ఆలయము" అని జపం చేస్తే సరిపోదు అని గుమ్మంలో నిలబడి చెప్పిన ప్రవక్త మాట, అది చాలా గొప్ప మాటే గానీ మందిరాన్ని అడ్డం పెట్టుకుని అనాథల్ని, విధవరాండ్రని బాధపెట్టేవాళ్ళకి చెప్పినది. మీ ఊళ్ళో ఆరేళ్ళు కూలి డబ్బుల్లోంచి తీసి కట్టినోళ్ళకి మొదటి రోజే అది చెప్తే అన్యాయం. పదేళ్ళ తర్వాత అవసరం రావచ్చు, దాచుకో.

నీకు కావాల్సింది 1 రాజులు 8. నేను ఆ తర్వాత చెప్పిన ప్రతిష్ఠలన్నిట్లోనూ దాదాపు అదే వాడాను, కారణం చాలా సింపుల్. "ఈ కట్టడంలో దేవుడు పట్టడు" అన్న మాట అక్కడ చెప్పింది కట్టడం అంటే గిట్టని ఎవరో కాదు, ఏడేళ్ళు దగ్గరుండి కట్టించిన మనిషి, అది కూడా ప్రతిష్ఠ రోజునే, బలిపీఠం ఎదురుగా నిలబడి, చేతులు ఆకాశం వైపు చాపి. 27వ వచనం: "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు, నేను కట్టించిన యీ మందిరము ఏలాగు పట్టును?" కట్టినవాడి నోట వస్తే ఆ మాట అవమానం కాదు, అణకువ. నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ మాటని నీ నోటితో జనం మీదకి విసరకుండా, సొలొమోను నోటితో జనం తరఫున దేవుడికి చెప్పించడం. "మీరు కట్టింది ఏపాటిది" అనడం వేరు, "ప్రభువా, మేం కట్టింది నీకేపాటిది, అయినా నీ చెవి ఇటు పెట్టు" అనడం వేరు. మొదటిది నేను చేసిన తప్పు.

ఇక్కడ నీకు ఒక చిన్న లెక్క చెప్తా, జనానికి బాగా ఎక్కుతుంది. సొలొమోను మందిరం 60 మూరల పొడుగు, 20 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు అని ఆరో అధ్యాయంలో ఉంది. మూర అంటే దాదాపు అడుగున్నర. అంటే 90 అడుగుల పొడుగు, 30 అడుగుల వెడల్పు. మీ మందిరం వెడల్పు, సొలొమోను మందిరం వెడల్పు ఒకటే తమ్ముడూ! ఈ మాట చెప్పగానే మేస్త్రి మొహం చూడు. నవ్వులయ్యాక అసలు తేడా చెప్పు. ఆ మందిరంలోకి జనం వెళ్ళేవాళ్ళు కాదు. యాజకులు మాత్రమే లోపలికి, జనమంతా బయట ఆవరణలో. అది మనుషులు కూర్చోడానికి కట్టిన హాలు కాదు. మీరు కట్టింది చాపలేసుకుని పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే హాలు. కాబట్టి మన మందిరాలకి నిజమైన తాత యెరూషలేము మందిరం కాదు, విశ్వాసుల ఇళ్ళు. కొత్త నిబంధన పత్రికల్లో సంఘం ఎవరో ఒకరి ఇంట్లోనే కూడుకుంటుంది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ అనే ఊరు తవ్వినప్పుడు అలాంటి ఇల్లు ఒకటి బయటపడింది, క్రీస్తు శకం 230, 240ల నాటిది. మామూలు ఇల్లు, రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడుకోడానికి ఒకే పెద్ద గది చేసుకున్నారు, ఇంకో గదిలో బాప్తిస్మానికి తొట్టి కట్టుకున్నారు. ఓ డెబ్భై మంది పడతారేమో అంతే. అంటే జనం కూడుకోడానికి చోటు కావాలని గోడ తీశారు. ముందు జనం, తర్వాత గోడ మార్పు. మీ రేకుల షెడ్డు కథ కూడా అదే కదా, వానాకాలం సగం మంది బయట గొడుగులేసుకుని నిలబడే రోజుల్లోంచి వచ్చిందే ఈ స్లాబు. ఆ షెడ్డు సంగతి ప్రసంగంలో తప్పకుండా చెప్పు.

మన తెలుగులో ఇంకో సుఖం ఉంది, చాలామంది బోధకులు వాడుకోరు. కొన్ని భాషల్లో జనానికీ కట్టడానికీ ఒకటే మాట, మనకి అలా కాదు. మన బైబిల్లో జనాన్ని "సంఘము" అన్నారు, కట్టడాన్ని "మందిరము" అన్నారు. "సంఘానికి సున్నం వేశాం" అని ఎవరూ అనరు, "మందిరానికి జ్వరమొచ్చింది" అనీ ఎవరూ అనరు. కాకపోతే "చర్చి" అనే మాట వచ్చి రెండూ కలిపేసింది. ఇది రెండు నిమిషాల్లో నవ్విస్తూ చెప్పొచ్చు, పిల్లలకి కూడా అర్థమవుతుంది.

సరే, 1 రాజులు 8కి వద్దాం. సొలొమోను ప్రార్థన పొడుగ్గా ఉంటుంది కాబట్టి మొత్తం చదివించకు, నిద్రపోతారు. 31వ వచనం నుంచి ఏడు విన్నపాలు వస్తాయి, ఫలానా కష్టంలో జనం ఈ మందిరం తట్టు తిరిగి ప్రార్థిస్తే నువ్వు ఆకాశమందు విని అని. గమనించు, ప్రతిసారీ "ఆకాశమందు విని" అనే అంటాడు, "ఇక్కడ విని" అనడు. ఆ ఏడింట్లో నువ్వు రెండే తీసుకో, మొదటిది, చివరిది. మధ్యలో వాన లేకపోవడం, తెగులు, యుద్ధం, దూరదేశం నుంచి వచ్చిన పరదేశి, అవన్నీ ఉన్నాయి, పరదేశి మీద విడిగా ఒక ఆదివారం చెప్పుకో.

మొదటి విన్నపం ఏంటో తెలుసా? కరువు కాదు, శత్రువు కాదు. ఒకడు తన పొరుగువాడికి అన్యాయం చేస్తే. బంగారం పొదిగిన మందిరం ప్రతిష్ఠ రోజు, రాజు నోట వచ్చిన మొదటి విన్నపం ఇద్దరు పొరుగోళ్ళ తగాదా గురించి. నేను ఇది మొదటిసారి గమనించిన రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డా, ఎందుకంటే మందిరం కట్టిన ప్రతి ఊళ్ళోనూ నేను చూసింది అదే. గోడలు లేచేకొద్దీ మనుషుల మధ్య గోడలు లేస్తాయి. ఐరన్ లెక్క ఎవరు చూశారు, సిమెంటు ఏ రేటుకి తెచ్చారు, శిలాఫలకం మీద ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద. మీ ఊళ్ళో లేదని నువ్వంటే నేను నమ్మను, అడిగి చూడు.

ఇక్కడే పౌలు మాట తీసుకురావాలి. 1 కొరింథీయులు 3:16, "మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?" ఇది అందరికీ కంఠతా వచ్చిన వాక్యం, అదే ఇబ్బంది. తెలుగులో "మీరు" అంటే పదిమందీ కావచ్చు, గౌరవంగా పిలిచిన ఒక్కరూ కావచ్చు. కాబట్టి చాపమీద కూర్చున్న ప్రతివాడూ "అయ్యగారు నన్నే అంటున్నారు, నేనొక ఆలయం" అనుకుంటాడు. గ్రీకులో ఆ సందేహం లేదు, అక్కడ "మీరు" బహువచనం, "ఆలయం" ఏకవచనం. అంటే మీరంతా కలిసి ఒక్క ఆలయం. నువ్వొకటి, నేనొకటి, ఆవిడొకటి అని ఊరినిండా రెండొందల ఆలయాలు కాదు. బీడీ, సారా మీద చెప్పేటప్పుడు మనం వాడే 6:19 వేరు, అది దేహం గురించి, అక్కడ అది సరిపోతుంది. దాన్ని తీసుకొచ్చి ప్రతిష్ఠ రోజు కలిపితే ప్రసంగం అలవాట్ల మీదకి జారిపోతుంది, అసలు సంగతి తప్పిపోతుంది.

3వ అధ్యాయం మొదట్నుంచీ చదివితే గొడవేంటో తెలుస్తుంది, నేను పౌలు వాడిని, నేను అపొల్లో వాడిని అని పార్టీలు. ఆ పార్టీల మధ్యలో నిలబడి పౌలు ఆలయం మాటెత్తాడు. వెంటనే 17లో "ఎవడైనను దేవుని ఆలయమును పాడుచేసినయెడల దేవుడు వానిని పాడుచేయును" అన్నాడు. పాడుచెయ్యడం అంటే గోడకి మేకు కొట్టడం కాదన్నమాట, సంఘాన్ని రెండు ముక్కలు చెయ్యడం. కొత్త గోడల మీద చెయ్యి పెడితే పిల్లల్ని కసురుకునే పెద్దమనిషే పక్కింటివాడితో మాట మానేసి ఏడాదై ఉంటాడు. ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచకు, మామూలుగా చెప్పు. దాని బరువు దానికుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక ప్రతిష్ఠ సంగతి చెప్తా, ఎలా అల్లుకున్నానో తెలుస్తుంది. ఊరి పేరు వద్దు. అక్కడ ఇద్దరు సంఘ పెద్దలు, ఒకాయన డబ్బు లెక్క చూశాడు, ఇంకొకాయన నలభై బస్తాల సిమెంటుకి లెక్క తేలలేదన్నాడు. ఎనిమిది నెలలుగా మాటల్లేవు, ఆరాధనలో ఒకాయన కుడివైపు గోడ దగ్గర, ఇంకొకాయన ఎడమవైపు. నేను రెండు వారాల ముందే వెళ్ళి ఇద్దరి ఇళ్ళల్లోనూ టీ తాగొచ్చా, ఇద్దరూ ఎదుటివాడిదే తప్పన్నారు, నా వల్ల ఏం కాలేదు. ఇలా ముందే వెళ్ళడం ముఖ్యం, ఎందుకంటే వెళ్ళకుండా ప్రసంగంలో అంటే అది పబ్లిక్ లో పరువు తియ్యడమే అవుతుంది, వెళ్ళొచ్చాక అంటే వాళ్ళకి మాత్రమే తెలిసే మాట అవుతుంది.

అదే రోజు సాయంత్రం మేస్త్రితో కూర్చున్నా. గోడ ఎక్కడ ఫెయిలవుతుందయ్యా అనడిగితే, ఇటుకలో కాదండీ అతుకులో అన్నాడు. ఇటుకల్ని పెట్టేముందు నీళ్ళల్లో నానబెట్టాలట, నానబెట్టని ఎండు ఇటుక సిమెంటు మాలులో ఉన్న నీళ్ళు తనే పీల్చేసుకుంటుంది, మాలు గట్టిపడకముందే ఎండిపోతుంది, అప్పటికి గోడ బాగానే నిలబడినట్టు కనిపిస్తుంది గానీ వేలితో గీకితే అతుకు పొడిపొడిగా రాలుతుంది. ఆదివారం వస్తూ వస్తూ రెండు ఇటుకలు తెమ్మన్నా, ఒకటి నానబెట్టింది, ఒకటి ఎండుది. పేతురు రాసిన "సజీవమైన రాళ్లు" చదివి, ఎండు ఇటుక మీద చెంబుతో కొంచెం నీళ్ళు పోసి మైకు దగ్గర పెట్టా, సుయ్యిమని పీల్చుకోవడం వినిపించింది. నానిన దాని మీద పోస్తే నీళ్ళు కిందకి కారిపోయాయి. "ఇటుకగా రెండూ గట్టివే, ఎండుది కూడా మంచి ఇటుకే, కాకపోతే పక్కదానితో అతకదు, పక్కదాని తడి కూడా తనే తాగేస్తుంది" అన్నా. ఇంతకంటే వివరించలేదు. నువ్వూ వివరించకు. మేస్త్రిని ముందు వరసలో కూర్చోబెట్టు, తను తలూపితే అది నీ పది వాక్యాలతో సమానం.

ఇదేదో నా తెలివి అనుకోకు. నాలుగో శతాబ్దం మొదట్లో, సుమారు 315లో, తూరు పట్టణంలో కొత్తగా కట్టిన మందిరం ప్రతిష్ఠకి బిషప్పు యుసేబియస్ చెప్పిన ప్రసంగం ఇప్పటికీ ఉంది, రోమా చక్రవర్తుల హింసలో పాత మందిరం కూల్చేశాక మళ్ళీ కట్టింది. తూరు అంటే సొలొమోనుకి దేవదారు కలప పంపిన హీరాము ఊరే. ఆయన కట్టడాన్ని చాలాసేపు పొగిడి, గుమ్మాలు, స్తంభాలు అన్నీ వర్ణించి, అక్కడ్నుంచి జనంలోకి దిగుతాడు, కొందరు గుమ్మాల్లాంటివాళ్ళు, కొందరు స్తంభాల్లాంటివాళ్ళు అని. ఆ తర్వాత ఓ వందేళ్ళకి ఇంకో బిషప్పు అగస్టీను ఒక ప్రతిష్ఠలో, అడవి నుంచి కలప, కొండ నుంచి రాళ్ళు తెచ్చి చెక్కి నునుపు చేసినా ప్రేమతో ఒకదానికొకటి అతికితే తప్ప అది ప్రభువు ఇల్లు అవ్వదు అన్న అర్థంలో చెప్పాడు. మనం ఆ వరసలోనే నిలబడి చెప్తున్నాం. జనానికి ఈ పేర్లు చెప్పక్కర్లేదు, నీ ధైర్యానికి చెప్తున్నా. ఇద్దరూ కట్టడాన్ని తక్కువ చెయ్యలేదు చూడు, దాన్ని చూపించి మనుషుల్ని చూపించారు.

ఆ ఇద్దరు పెద్దలు ఏమయ్యారంటావా, సినిమాలోలాగా కావలించుకోలేదు. భోజనాల్లో లెక్కలు చూసినాయన సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తూ వచ్చి, రెండో ఆయన విస్తరి దగ్గర ఓ క్షణం ఆగి "ఇంకాస్త వెయ్యనా" అన్నాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టకుండా ఊరుకున్నాడు. అంతే. తర్వాత మూడు నెలలకి లెక్కల పుస్తకం సంఘం ముందు మొత్తం చదివితే బస్తాల సంగతి తేలింది, పాత షెడ్డు ప్లాస్టరింగ్ కి వాడినవి రాయడం మర్చిపోయారు. లెక్క చదవకుండా ప్రసంగం ఒక్కటే పనిచేసేది కాదని కూడా చెప్తున్నా. మీ కమిటీ ఖర్చుల లెక్క ప్రతిష్ఠకి ముందే నోటీసు బోర్డు మీద పెట్టించగలిగితే పెట్టించు, నీ ప్రసంగానికి సగం పని అదే చేసేస్తుంది.

సొలొమోనుని మరీ ఆకాశానికెత్తకు అని ఒక మాట. ఆ మందిరం పనికి ముప్పై వేలమందిని వెట్టికి పెట్టాడని 5వ అధ్యాయంలో ఉంది, ఆయన చచ్చిపోయాక 12వ అధ్యాయంలో జనం వచ్చి మీ నాయన మా మీద పెట్టిన కాడి బరువు తగ్గించు అని అడిగారు, కొడుకు వినలేదు, రాజ్యం రెండైపోయింది. కట్టడం నిలబడింది, జనం చీలారు. దానికి ఎదురుగా మన మెదక్ చర్చి కథ పెట్టొచ్చు, కరువు రోజుల్లో ఆకలితో ఉన్నోళ్ళకి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొరగారు ఆ పని పెట్టించారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. అక్కడ రాళ్ళు మోసినందుకు కుటుంబాలు బతికాయి. మీ ఊళ్ళో ఎవరి దగ్గరైనా బలవంతంగా చందా వసూలు చేశారా, ఇవ్వలేనివాళ్ళ పేర్లు మైకులో చదివారా, ముందు తెలుసుకో. అలా జరిగుంటే ఈ భాగం నువ్వు చెప్పక తప్పదు, జరక్కపోతే వదిలెయ్, టైము లేదు.

టైము అంటే గుర్తొచ్చింది, నీకు గంట ఇస్తామంటారు, నమ్మకు. ఊరేగింపు, రిబ్బను, ప్రతి గెస్టుకీ శాలువా, శాలువా కప్పిన ప్రతివాడూ "రెండు మాటలు" అని పావుగంట, చివరికి నీ చేతికి మైకొచ్చేసరికి ఒంటిగంట అవుతుంది, వెనక బిర్యానీ వాసన వస్తుంటుంది. ఇరవై నిమిషాలకే రెడీ అవ్వు. వీలైతే పెద్దలతో మాట్లాడి శాలువాలు ప్రసంగం తర్వాతకి పెట్టించు. ఇంకోటి, స్టేజీ మీద గెస్టులకి మెత్తటి సోఫాలు, కింద ముసలమ్మలకి నేల, ఆ సీన్ లో నిలబడి నువ్వు మీరంతా ఒక్క ఆలయం అంటే ఎవడు నమ్ముతాడు చెప్పు. నేను ఒకచోట సోఫాలు తీయించి, పిడికెడు బియ్యం సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ళని ముందు కుర్చీల్లో కూర్చోబెట్టించా, ఒక గెస్టు అలిగాడు కూడా. పిడికెడు బియ్యం సంగతి నీకు తెలిసిందే, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, వారం చివర తెచ్చి పోసి, అమ్మి, ఆ డబ్బుతో ఇటుకలు. మీ గోడలో ఎన్ని ఇటుకలు అలా వచ్చాయో స్త్రీల సమాజం పుస్తకంలో ఉంటుంది, చూసి ఆ అంకె చెప్పు. ఆ పెద్దావిడ కమ్మలకి నేనివ్వలేని జవాబు నువ్వక్కడ ఇవ్వొచ్చు. ఇందులో ఏం లేదు అనకు, ఇందులో ఎవరెవరున్నారో చెప్పు.

మొదలుపెట్టడానికి నా దగ్గరొక చిట్కా ఉంది. ముందు రోజు సాయంత్రం ఖాళీ హాల్లో మైక్ టెస్టు చేయించు. కొత్త ప్లాస్టరింగు, నున్నటి టైల్సు, కర్టెన్లు లేవు, మాట మాటకీ గోడలు తిప్పికొడతాయి, ఒక్క ముక్క అర్థం కాదు. సౌండ్ కుర్రాడు భయపడి ఎకో తగ్గిస్తా, ఇంకో బాక్స్ పెడతా అంటాడు. బాక్సులు పెంచకు, పెంచితే ఇంకా పాడవుతుంది. మర్నాడు జనం నిండాక అదే మైకు, అవే గోడలు, మాట స్పష్టంగా వినిపిస్తుంది, ఎందుకంటే మనుషులు, వాళ్ళ బట్టలు ఆ ధ్వనిని పీల్చుకుంటాయి. నీ మొదటి వాక్యం అదే పెట్టుకో, "నిన్న రాత్రి ఈ గోడల మధ్య నేను యేసు అన్న పేరు పలికితే నాకే అర్థం కాలేదు, ఇవాళ మీరొచ్చి కూర్చున్నాక వినబడుతోంది." అక్కడ్నుంచి నేరుగా 27వ వచనంలోకి వెళ్ళిపో. ఒకవేళ జనం పల్చగా ఉండి ఇంకా మోగుతుంటే ఆ వాక్యం మానేసి, నెమ్మదిగా, చిన్న చిన్న మాటలుగా మాట్లాడు.

ఇక చివరి విన్నపం, 46 నుంచి. జనం చెరలోకి, దూరదేశానికి పోతే, అక్కడ్నుంచి ఈ మందిరం తట్టు తిరిగి ప్రార్థిస్తే విను అని. మందిరం తలుపులు తెరిచిన రోజునే, ఈ తలుపు దాటి రాలేనివాళ్ళ కోసం ప్రార్థించాడు సొలొమోను. దానియేలు బబులోనులో యెరూషలేము వైపు కిటికీ తెరిచి మోకరించేనాటికి ఆ మందిరం కాలిపోయి చాలా ఏళ్ళయింది, అయినా ప్రార్థన ఆగలేదు. నీ ప్రసంగం ఇక్కడ ఆపు, ఎందుకంటే మీ ఊళ్ళో కూడా అలాంటివాళ్ళున్నారు. కువైట్లో ఇళ్ళల్లో పనిచేస్తూ నెలనెలా ఇంత పంపినవాళ్ళు, హైదరాబాదులో సెంట్రింగ్ పనికెళ్ళిన కుర్రాళ్ళు. ఈ మందిరంలో ఒక్కసారి కూడా కూర్చోకుండా దీన్ని కట్టినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఇంటివాళ్ళని అడిగి రాసుకుని, చివరి ప్రార్థనలో ఒక్కొక్కటీ చదువు, ఎవరెంత పంపారో మాత్రం చదవకు.

వాళ్ళలో కొందరు వీడియో కాల్ లో చూస్తుంటారు. ఫోను పట్టుకునే కుర్రాడికి ముందే చెప్పి పెట్టు, స్టేజీని, లైట్లని, నిన్నూ చూపించింది చాలని, పేరు చదివినప్పుడల్లా కెమెరా చాపల వైపు తిప్పమను. కువైట్ నుంచి చూస్తున్న పిల్ల వెతికేది వాళ్ళమ్మ ఎక్కడ కూర్చుందా అని.